స్లో సిస్టమ్స్‌కి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ: ఆడిటర్ ఆఫీసు ఓనర్‌కి ఖర్చులతో లెటర్ రాయడం ఎలా

హనుమకొండలో ఒక చిన్న ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను. మా సార్‌కి ఈ విషయం మీద నేను మొదట రాసిన లెటర్ మూడు లైన్లే. "సిస్టమ్స్ చాలా స్లోగా ఉన్నాయి, పని ఆలస్యమవుతోంది, దయచేసి అప్‌గ్రేడ్ చేయించగలరు" అని రాశాను. ఆయన చదివి, కాగితం తిరిగి నా చేతికే ఇచ్చి అడిగారు: "ఏ సిస్టమ్? ఎంత స్లో? ఎంతవుతుంది?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఆయన తప్పేమీ లేదు. ఆయన వాడేది కొత్త ల్యాప్‌టాప్, అందులో ఎస్‌ఎస్‌డీ ఉంది, నొక్కగానే తెరుచుకుంటుంది. మా సీట్లో కూర్చుని టాలీ ఓపెన్ అయ్యేదాకా ఎదురుచూసే అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

రెండోసారి రాసిన లెటర్ ఒప్పుకున్నారు. రెంటికీ తేడా భాషలో లేదు, లెటర్ రాయకముందు చేసిన పనిలో ఉంది. మీ ఆఫీసులో కూడా నాలుగైదు పాత డెస్క్‌టాప్‌లు ఉండి, వాటి కోసం ఓనర్‌కి రాయాలనుకుంటే ఈ వరసలో చేయండి.

1. రెండు రోజులు కొలవండి

ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. ప్రతి సీటు దగ్గర ఒక కాగితం అంటించి మూడే మూడు పనులకు టైమ్ రాయించండి. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి టాలీలో Gateway of Tally కనిపించేదాకా ఎంతసేపు? పెద్ద క్లయింట్ కంపెనీ ఒకటి ఓపెన్ కావడానికి ఎంత? రోజూ వాడే పెద్ద ఎక్సెల్ ఫైలు, అంటే 2బీ రీకన్సిలియేషన్ షీట్ లాంటిది, తెరుచుకోవడానికి ఎంత? ఈ మూడూ కాక, కర్సర్ తిరుగుతూ చేతులు కట్టుకుని కూర్చున్న నిమిషాలను కూడా సాయంత్రానికి కలిపి రాయమనండి.

20వ తేదీన కొలవకండి. ఆ రోజు 3బీ కోసం అందరూ జీఎస్టీ పోర్టల్ మీదే ఉంటారు. అప్పుడు ఆలస్యమయ్యేది మీ సిస్టమ్ వల్లో, పోర్టల్ వల్లో చెప్పలేరు. ఓనర్ మొదట పట్టుకునేది అదే. నెలాఖరులో ఒక మామూలు రోజు, 11వ తేదీకి ముందు జీఎస్టీఆర్-1 హడావిడిలో ఒక రోజు చూస్తే సరిపోతుంది.

మా దగ్గర మొదటి నాలుగు సీట్లలో పవర్ బటన్ నుంచి టాలీ దాకా సగటున 6 నిమిషాల 50 సెకన్లు పట్టింది. పెద్ద కంపెనీ తెరవడానికి 1 నిమిషం 50 సెకన్లు. రోజంతా కలిపి ఒక్కో సీటులో దాదాపు 25 నిమిషాలు వృథాగా కూర్చున్నాం.

2. ర్యామ్ చాలట్లేదా, డిస్కే నెమ్మదా?

చాలామంది పొరబడేది ఇక్కడే. Ctrl + Shift + Esc నొక్కితే Task Manager వస్తుంది. Performance లోకి వెళ్లి Disk చూస్తే 100% అని కనిపిస్తుంది. అంతే, "డిస్క్ పోయింది, ఎస్‌ఎస్‌డీ వేయించాలి" అని తేల్చేస్తారు. కానీ ర్యామ్ నిండిపోయినా డిస్క్ 100 శాతమే చూపిస్తుంది. ర్యామ్‌లో చోటు లేనప్పుడు విండోస్ అప్పటికి వాడని భాగాలను డిస్క్ మీద పేజ్ ఫైలులో పెట్టి, మళ్లీ కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. క్రోమ్ నుంచి టాలీకి మారినప్పుడల్లా ఇలా పెట్టడం, తేవడమే జరుగుతుంది. అందుకే రెండూ పక్కపక్కన చూడాలి.

అదే చోట Memory మీద నొక్కండి. కింద Committed అని రెండు అంకెలు ఉంటాయి, 6.8/8.4 GB లాగా. మొదటి అంకె ఆ క్షణంలో ప్రోగ్రాములన్నీ కలిపి అడిగిన మెమరీ. పని మంచి జోరుమీద ఉన్నప్పుడు, అంటే టాలీ, ఎక్సెల్, క్రోమ్‌లో పోర్టల్ అన్నీ తెరిచి ఉన్నప్పుడు ఆ అంకె రాసుకోండి. దాన్ని సిస్టమ్‌లో ఉన్న ర్యామ్‌తో పోల్చండి. మా నాలుగు సీట్లలో ఉన్నది 4 జీబీ, అడుగుతున్నది 6.8 జీబీ. ఇక్కడ ర్యామ్ లోటు ఉన్నట్టే.

తర్వాత డిస్క్ సంగతి. సిస్టమ్ ఆపి మళ్లీ ఆన్ చేసి, పది నిమిషాలు వదిలేసి, టాలీ ఒక్కటే తెరవండి. అప్పుడు ర్యామ్‌లో ఇంకా చోటు ఉండగానే డిస్క్ 100% చూపిస్తూ, Average response time వందల మిల్లీసెకన్లకు పోతుంటే డిస్కే నెమ్మదని అర్థం. దీనికి కారణం హార్డ్ డిస్క్ తిరిగే పద్ధతిలోనే ఉంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్‌కి ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. చదివే ముల్లు సరైన గీత మీదకు జరగాలి, కావలసిన ముక్క దాని కిందకు తిరిగి రావాలి. సగటున ఒక్కో ముక్కకు పది, పన్నెండు మిల్లీసెకన్లు. అంటే అక్కడక్కడ చెదిరి ఉన్న చిన్న ముక్కలను సెకనుకు వంద కూడా చదవలేదు. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు, టాలీ కంపెనీ తెరుచుకునేటప్పుడు జరిగేది అలాంటి చిన్న ముక్కల చదువే. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగం లేదు కాబట్టి అదే పని మిల్లీసెకనులో చిన్న వంతులో అయిపోతుంది.

మా టాలీ డేటా ఉన్న సిస్టమ్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, అడుగుతున్నది 5.1 మాత్రమే. దానికి ర్యామ్ అక్కర్లేదు. కానీ నాలుగు సీట్ల నుంచీ అందరూ ఆ ఒక్క డిస్క్ మీదే పడతారు, దాని రెస్పాన్స్ టైమ్ చూస్తే గుండె జారింది. ముందు ఎస్‌ఎస్‌డీ పడాల్సింది అందులోనే. ఇలా కొలవకపోయి ఉంటే నేను ఐదింటికీ ర్యామ్ రాసేవాణ్ణి. ఇప్పటి ర్యామ్ ధరలకు అది దండగ ఖర్చు.

3. డబ్బాలో ఏముందో చూడండి

డబ్బా విప్పకుండానే చాలా వరకు తెలుస్తుంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి పవర్‌షెల్ తెరిచి ఈ రెండు లైన్లు కొట్టండి:

```
Get-CimInstance Win32_PhysicalMemory | Select-Object DeviceLocator, Capacity, Speed, SMBIOSMemoryType
Get-PhysicalDisk | Select-Object FriendlyName, MediaType, BusType, HealthStatus
```

మొదటి లైనులో SMBIOSMemoryType కింద 24 వస్తే డీడీఆర్3, 26 వస్తే డీడీఆర్4, 34 వస్తే డీడీఆర్5. ఒకటి ఇంకోదాని స్లాట్‌లో పట్టదు. Task Manager లో Memory దగ్గర Slots used: 1 of 2 అని ఉంటే ఒక స్లాట్ ఖాళీ ఉన్నట్టు. అక్కడే Form factor DIMM అంటే మామూలు డెస్క్‌టాప్ ర్యామ్, SODIMM అంటే ల్యాప్‌టాప్ సైజు ర్యామ్. చేతిలో పట్టేంత చిన్న డెస్క్‌టాప్‌లలో రెండో రకమే ఉంటుంది. ఇది చూడకుండా ఆర్డర్ పెట్టి వెనక్కి పంపినవాళ్లు నాకు తెలుసు.

Settings లో System, ఆ తర్వాత About తెరిచి ఇంకో రెండు విషయాలు రాసుకోండి. ఒకటి, System type. అక్కడ 32-bit operating system అని ఉంటే ఎంత ర్యామ్ వేసినా విండోస్ 4 జీబీలోపే వాడుకుంటుంది. ముందు 64 బిట్ విండోస్ వేయించాలి, అది వేరే పని, వేరే ఖర్చు. రెండోది ప్రాసెసర్. విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంటెల్ ప్రాసెసర్లలో విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేవి, కొద్ది మినహాయింపులు తప్ప, 8వ తరం నుంచే. క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్న సిస్టమ్ కాబట్టి సెక్యూరిటీ అప్‌డేట్లు రానిదాని మీద డబ్బు పెట్టమని ఓనర్‌కి చెప్పడం నాకు న్యాయంగా అనిపించలేదు.

మా లెక్క ఇలా తేలింది. నాలుగు సీట్లూ, టాలీ డేటా సిస్టమూ 8వ తరం ఐ3. వాటి మీద ఖర్చు పెట్టొచ్చు. స్కానింగ్‌కి వాడే ఇంకోటి 3వ తరం ఐ3, అందులో డీడీఆర్3 ర్యామ్. దాన్ని ముట్టుకోవద్దని నేనే లెటర్లో రాశాను. ఒకదాన్ని వద్దని రాస్తే మిగతా ఐదింటి మాటకు బరువు వస్తుంది, అది నేను అనుకోకుండా తెలుసుకున్న సంగతి.

చివరగా డిస్క్‌లో ఎంత వాడారో చూడండి. 1 టీబీ డిస్క్ ఉందని 1 టీబీ ఎస్‌ఎస్‌డీ కొనక్కర్లేదు. మా సీట్లలో వాడింది 120 జీబీ లోపే, 256 జీబీ సరిపోయింది. కనీసం పావు వంతు ఖాళీ మిగిలేలా చూసుకోండి.

4. కొటేషన్లు తెచ్చుకోండి

రెండు చోట్ల అడగండి. మేం ఊళ్లోని షాపులో ఒకటి, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోని షాపు నుంచి ఒకటి తీసుకున్నాం. అక్కడ కాస్త తక్కువే వచ్చింది కానీ ఏదైనా తేడా వస్తే బస్సెక్కి పోవాలి. అందుకని ఊళ్లోనే తీసుకున్నాం.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అంతకు ముందు కొన్న స్నేహితుడు చెప్పిన రేటు మీకు దొరకదు. అందుకే కొటేషన్ మీద "ఎన్ని రోజులు చెల్లుతుంది" అన్నది రాయించుకోండి. కింద లెటర్లో ఉన్న అంకెలు లెక్క ఎలా పెట్టాలో చూపడానికి మాత్రమే. మీ షాపువాళ్లు ఇచ్చినవి అక్కడ పెట్టుకోవాలి.

ర్యామ్ వేగం విషయంలో షాపువాళ్లు ఊరించే మాటలు వినకండి. మా సీట్లలోని 8వ తరం ఐ3 ర్యామ్‌ని 2400 వేగంతోనే నడుపుతుంది. 3200 స్టిక్ కొన్నా అదే వేగానికి దిగి పనిచేస్తుంది. ఎక్కువ వేగం కోసం ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వక్కర్లేదు. ఇప్పుడున్న 4 జీబీ పక్కన 8 జీబీ పెట్టొచ్చు, సైజులు వేరైనా నడుస్తుంది. 4 జీబీయే ఎందుకు కొనకూడదంటే, మేం అడుగుతున్నదే 6.8 కాబట్టి మొత్తం 8 అయితే అంచు మీద నిలబడినట్టే. 12 అయితే ఊపిరాడుతుంది.

కొటేషన్‌లో లేబర్, పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టుగా ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించే డిస్క్ క్లోనింగ్, ఎస్‌ఎస్‌డీ బిగించే బ్రాకెట్, సాటా కేబుల్ విడివిడిగా రాయించండి. రూ.150 కేబుల్ కోసం రెండోసారి సార్ దగ్గరికి వెళ్లడం అంత ఇబ్బంది ఇంకోటి లేదు. సిస్టమ్స్ ఇంకా వారంటీలో గానీ ఏఎంసీలో గానీ ఉంటే, బయటివాళ్లు విప్పొచ్చో లేదో వాళ్లను ముందే అడగండి.

5. లెటర్ రాయండి

ఒక పేజీ దాటొద్దు. చదివేది లెక్కలు చూసే మనిషి. మొత్తం అంకెను చివర్లో దాచకుండా విషయం లైనులోనే పెట్టండి. అన్నీ ఒకేసారి అడక్కుండా ట్రయల్ విడిగా పెడితే ఆయనకు ఒప్పుకోవడం తేలిక. కొలతల కాగితాలు, కొటేషన్లు వెనక పిన్ చేయండి.

ఇది మేం ఇచ్చిన లెటర్, అంకెలు మాత్రం మాదిరివి:

> గౌరవనీయులైన సార్‌కి,
>
> విషయం: ఐదు డెస్క్‌టాప్‌లకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేయించడం. మొత్తం రూ.44,309 (జీఎస్టీతో). అందులో ముందుగా రెండింటికి ట్రయల్ రూ.15,812.
>
> మన ఆఫీసులోని 1 నుంచి 4 సీట్లలో సిస్టమ్ ఆన్ చేసినప్పటి నుంచి టాలీ తెరుచుకునేదాకా సగటున 6 నిమిషాల 50 సెకన్లు పడుతోంది. పెద్ద కంపెనీ తెరవడానికి 1 నిమిషం 50 సెకన్లు. రెండు రోజులు కొలిస్తే, రోజుకు ఒక్కో సీటులో సుమారు 25 నిమిషాలు ఎదురుచూడటానికే పోతున్నాయి. నలుగురికీ కలిపి నెలకు 26 పనిరోజుల లెక్కన ఇది 43 గంటలు. కొలతల కాగితాలు జత చేశాను.
>
> కారణాలు రెండు. నాలుగు సీట్లలో 4 జీబీ ర్యామ్ ఉంది, పని జరుగుతున్నప్పుడు 6.8 జీబీ అవసరమవుతోంది. టాలీ డేటా ఉన్న సిస్టమ్‌లో ర్యామ్ సరిపోతోంది కానీ హార్డ్ డిస్క్ నెమ్మదిగా ఉంది. నాలుగు సీట్లూ దాని మీదే ఆధారపడ్డాయి.
>
> | వివరం | సంఖ్య | ఒక్కోటి (రూ.) | మొత్తం (రూ.) |
> |---|---|---|---|
> | 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ (1–4 సీట్లు) | 4 | 4,500 | 18,000 |
> | 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (1–4 సీట్లు) | 4 | 2,800 | 11,200 |
> | 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (టాలీ డేటా సిస్టమ్) | 1 | 4,600 | 4,600 |
> | కేబుల్, బ్రాకెట్ | 5 | 150 | 750 |
> | క్లోనింగ్, బిగింపు లేబర్ | 5 | 600 | 3,000 |
> | మొత్తం | | | 37,550 |
> | జీఎస్టీ 18% | | | 6,759 |
> | చెల్లించాల్సింది | | | 44,309 |
>
> బిల్లు మన జీఎస్టీ నంబరు మీదే తీసుకుంటాం.
>
> ముందుగా టాలీ డేటా సిస్టమ్‌కీ, 1వ సీటుకీ మాత్రమే వేయించి రెండు వారాలు చూద్దామని నా మనవి. దీని ఖర్చు రూ.15,812. మళ్లీ అవే కొలతలు తీసి మీకు చూపిస్తాను. తేడా మీకు నచ్చితేనే మిగతా మూడు సీట్లకు రూ.28,497.
>
> దీనివల్ల బాగుపడనివి: 20వ తేదీన జీఎస్టీ పోర్టల్ నెమ్మది, ఇంటర్నెట్ పోవడం, ప్రింటర్. స్కానింగ్ సిస్టమ్ చాలా పాతది, విండోస్ 11 పడదు. దాని మీద ఖర్చు వద్దు.
>
> ఒక్కో సీటుకు కొత్త డెస్క్‌టాప్ కొటేషన్ రూ.38,000, పన్ను అదనం. నాలుగింటికి రూ.1,52,000. ఇప్పుడున్నవి విండోస్ 11కి సరిపోతాయి కాబట్టి మార్చాల్సిన అవసరం కనిపించలేదు.
>
> పని 22వ తేదీ తర్వాత వచ్చే శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టి ఆదివారం ముగిస్తాం. ముందు రోజే టాలీ డేటా బ్యాకప్ బయటి డిస్క్‌లోకి తీస్తాం. పాత హార్డ్ డిస్క్‌లు షాపుకు ఇవ్వకుండా మన బీరువాలోనే ఉంచుతాం.
>
> మీ అనుమతి కోరుతూ,
> (సంతకం)

లెటర్లో నేను కావాలని వదిలేసినవి నాలుగు. ఒకటి, 43 గంటలను రూపాయల్లోకి మార్చలేదు. నెలకు రూ.18,000 జీతం అనుకుంటే గంటకు 86 రూపాయల 50 పైసలు, 43 గంటలకు దాదాపు రూ.3,700 అవుతుంది. కానీ సిస్టమ్ స్పీడయినా జీతం తగ్గదు కదా, ఆ మాట ఆయనకు వెంటనే తడుతుంది. గంటలు చెప్పి ఊరుకుంటే లెక్క ఆయనే కట్టుకుంటారు. రెండు, "లేటు ఫీజులు దీనివల్లే" అనలేదు, ఎందుకంటే అది నిజం కాదు. మూడు, తర్వాత ఎంత వేగంగా ఉంటుందో అంకె చెప్పలేదు. ఆ అంకె ట్రయల్ చెప్పాలి. నాలుగు, ఖర్చును రిపేర్ల కింద చూపించాలా, కంప్యూటర్ బ్లాకులో కలపాలా, పన్ను క్రెడిట్ ఎలా తీసుకోవాలి అన్నది కూడా రాయలేదు. ఆడిటర్ గారికి మనం చెప్పే విషయాలా అవి!

6. అడగబోయే ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి

"ఫార్మాట్ కొడితే సరిపోదా?" అన్నది తప్పకుండా వస్తుంది. ఫార్మాట్ చేస్తే కొన్నాళ్లు కాస్త తేలికగా ఉంటుంది, కానీ 4 జీబీ 4 జీబీగానే ఉంటుంది, డిస్క్ అదే వేగంతో తిరుగుతుంది. పైగా మనలాంటి ఆఫీసులో ఫార్మాట్ అంటే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్లు, పోర్టల్‌లో సంతకం పెట్టే ఎమ్‌సైనర్, టీడీఎస్ యుటిలిటీ, ప్రింటర్లు అన్నీ మళ్లీ ఒక్కోటిగా వేసుకోవడం. ఆ కారణంతోనే కొత్తగా విండోస్ వేయకుండా, ఉన్న డిస్క్‌ని ఉన్నట్టుగా ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేయించమని అడిగాను.

"డేటా పోతే?" అన్నది అసలైన ప్రశ్న. క్లోన్ చేసేటప్పుడు పాత డిస్క్ నుంచి చదవడమే తప్ప దాని మీద ఏమీ రాయరు. అయితే వెళ్లేది, వచ్చేది తారుమారుగా ఎంచుకుంటే ఖాళీ ఎస్‌ఎస్‌డీ పాత డిస్క్ మీద పడి అంతా పోతుంది. బ్యాకప్ తీసి, దాన్ని వేరే సిస్టమ్‌లో తెరిచి చూశాకే మొదలుపెట్టండి. ఎస్‌ఎస్‌డీ పోయేటప్పుడు హార్డ్ డిస్క్‌లా టకటకమని శబ్దం చేసి ముందే చెప్పదు, ఉన్నట్టుండి కనిపించకుండా పోవచ్చు. కాబట్టి రోజూ బ్యాకప్ ఆ తర్వాత కూడా ఉండాల్సిందే అని సార్‌తో దాచకుండా చెప్పాను.

7. పని జరిగే రోజు

తేదీ ఎందుకు 22 తర్వాత అంటే, 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ. మూడు నెలలకోసారి వేసేవాళ్లకు మన రెండు రాష్ట్రాల్లో 22. జులై, సెప్టెంబర్ నెలాఖరులు అసలే వద్దు.

టాలీ లైసెన్స్ సిస్టమ్‌తో ముడిపడి ఉంటుంది. డిస్క్ మార్చాక ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి పోతే సోమవారం పొద్దున్న గోల. అందుకని ముందే లైసెన్స్ సరెండర్ చేసి, ఎస్‌ఎస్‌డీ పడ్డాక మళ్లీ యాక్టివేట్ చేయండి. దానికి కావాల్సిన మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరున్నాయో శుక్రవారమే కనుక్కోండి. మా దగ్గర అది ఎప్పుడో మానేసిన అకౌంటెంట్ ఫోన్లో ఉంది. విండోస్ లైసెన్స్‌కి ఈ బెడద సాధారణంగా ఉండదు, అది మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది.

రెండు మార్పులూ ఒకేసారి చేయనివ్వకండి. ముందు ర్యామ్ పెట్టి ఆన్ చేసి, Task Manager లో 12 జీబీ కనిపించాక సిస్టమ్ ఆపి ఎస్‌ఎస్‌డీకి వెళ్లమనండి. ఆన్ చేయగానే తెర నల్లగా ఉండి బీప్‌లు వస్తుంటే చాలాసార్లు ర్యామ్ సరిగా కూర్చోలేదని అర్థం. తీసి, బంగారు గీతలను మెత్తటి రబ్బరుతో తుడిచి, రెండు వైపులా క్లిప్పులు పడేలా నొక్కితే సరిపోతుంది. క్లోన్ అయ్యాక పాత డిస్క్ కేబుల్ పీకేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితోనే ఆన్ చేసి చూపించమనండి. రెండూ తగిలించి ఉంచితే ఇంకా పాతదాని మీదే నడుస్తోందని తెలియకుండా పోయే ప్రమాదం ఉంది. క్లోనింగ్ మధ్యలో ఆగిపోతే పాత డిస్క్‌లో చెడిపోయిన చోట్లు ఉండొచ్చు. అప్పుడు ముఖ్యమైన ఫైళ్లు ముందు కాపీ చేసుకుని, విండోస్ కొత్తగా వేయడమే దారి. ఆ ఒక్కదానికి అదనపు రోజు లెక్కలో పెట్టుకోండి.

బిల్లు తీసుకునేటప్పుడు ర్యామ్, ఎస్‌ఎస్‌డీల సీరియల్ నంబర్లు దాని మీద రాయించండి. వారంటీ అడిగేటప్పుడు షాపువాళ్లు మొదట చూసేది అదే.

సోమవారం అదే కాగితం, అదే స్టాప్‌వాచ్. మా 1వ సీటులో పవర్ బటన్ నుంచి టాలీ దాకా 1 నిమిషం 5 సెకన్లు వచ్చింది. పెద్ద కంపెనీ 38 సెకన్లలో తెరుచుకుంది. ఆ రెండో అంకె ఇంకా తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు, ఎందుకంటే అది నెట్‌వర్క్ మీదుగా రావాలి. మీ దగ్గర అసలు కదలకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో Link speed చూడండి. అక్కడ 1000 బదులు 100 ఉంటే స్విచ్ గానీ కేబుల్ గానీ పాతది. మా 2, 3, 4 సీట్లకు ఏమీ వేయకపోయినా పెద్ద కంపెనీ తెరవడం కాస్త తొందరయింది, డేటా సిస్టమ్ మారినందుకు. ఈ అంకెలు ఎర్ర పెన్నుతో లెటర్ కాపీ మీద పాత అంకెల పక్కనే రాసి సార్ టేబుల్ మీద పెట్టాను. మిగతా మూడింటికి సంతకం ఆ సాయంత్రమే అయింది.

పాత డిస్క్‌ల మీద సీటు నంబరు, తీసిన తేదీ రాసి స్టిక్కర్ అంటించాం. నెలరోజులు బీరువాలో ఉన్నాక, ఏ ఫైలూ తప్పిపోలేదని నలుగురూ సంతకం పెట్టిన తర్వాతే వాటిని తుడిచి బ్యాకప్‌కి వాడటం మొదలుపెట్టాం. రీకన్సిలియేషన్ పాత షీట్ ఒకటి కనబడలేదని మూడో వారంలో ఒకమ్మాయి వచ్చింది. అది 3వ సీటు డిస్క్‌లో, డెస్క్‌టాప్ మీద కాకుండా రీసైకిల్ బిన్‌లో దొరికింది.